మొక్కల ప్రొటీన్ పౌడర్: ల్యాబ్ రిపోర్ట్ ఎలా చదవాలి, దాచిన షుగర్ ఎలా పట్టుకోవాలి

ప్రశ్న: "నాకు పాలు పడవు, వే ప్రొటీన్ తాగితే కడుపు ఉబ్బుతోంది. అందుకే మొక్కల ప్రొటీన్ పౌడర్ కొందామనుకుంటున్నాను. ఏ డబ్బా చూసినా 'ల్యాబ్ టెస్టెడ్', 'నో యాడెడ్ షుగర్' అనే ఉంది. ఏది నిజమో ఎలా తెలుస్తుంది? మా నాన్నగారికి షుగర్ ఉంది, ఆయనకూ ఇందులోంచే ఇవ్వాలని ఉంది."

జవాబు:

ముందు సూటిగా చెప్పేస్తాను. ఫ్లేవర్ లేని, ఒకటో రెండో పదార్థాలు మాత్రమే ఉన్న పౌడర్ కొనండి. పదార్థాల జాబితాలో "బఠాణీ ప్రొటీన్ ఐసొలేట్" అని ఒక్కటే ఉంటే అన్నిటికంటే మంచిది. ఐసొలేట్ అంటే గింజలోంచి ప్రొటీన్‌ని వేరుచేసి తీసిన పొడి. బఠాణీ, బ్రౌన్ రైస్ రెండూ కలిపినదైనా పరవాలేదు. మీ చేతిలో ఉన్న డబ్బా మీది బ్యాచ్ నంబర్‌తోనే బయటి ల్యాబ్ ఇచ్చిన రిపోర్ట్‌ని ఆ కంపెనీ చూపించగలగాలి. అది చూపించలేకపోతే, ముందువైపు ఎన్ని ముద్రలున్నా నేనైతే కొనను.

బ్రాండ్ పేరు చెప్పమని చాలామంది అడుగుతారు. నేను చెప్పను. ముడిసరుకు ఒక్కోసారి ఒక్కో చోటినుంచి వస్తుంది కాబట్టి పోయిన ఏడాది బాగున్న పేరు ఈ ఏడాది అలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు. లేబుల్‌నీ రిపోర్ట్‌నీ ఎలా చదవాలో తెలిస్తే మాత్రం ఏ పేరైనా మీరే తేల్చుకోగలరు. ఆహార పదార్థాల పరీక్షల ల్యాబ్‌లో చాలాకాలం పనిచేసినవాణ్ని. అక్కడ రోజూ చూసిన సంగతులే రాస్తున్నాను.

షుగర్ దాక్కునే చోటు

నాన్నగారి సంగతి ఉంది కాబట్టి దీంతోనే మొదలుపెడతాను. లేబుల్ మీద "షుగర్" అని రాసే అంకెలోకి గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పంచదార, లాక్టోజ్ లాంటి చిన్న చక్కెరలే వస్తాయి. మాల్టోడెక్స్‌ట్రిన్ అనేది పిండిపదార్థాన్ని ముక్కలు చేసి తయారుచేసే తెల్లటి పొడి. గ్లూకోజ్ గొలుసులు కాస్త పొడుగ్గా ఉంటాయి కాబట్టి లెక్కలో అది "షుగర్" కిందకు రాదు, కార్బోహైడ్రేట్ కిందకే పోతుంది. పేగులోకి వెళ్లాక మాత్రం చాలా త్వరగా గ్లూకోజ్ అయిపోతుంది. రక్తంలో షుగర్‌ని అది పెంచే వేగం గ్లూకోజ్‌కి దగ్గరగానే ఉంటుంది. చవక, పెద్దగా రుచి ఉండదు, నీళ్లలో బాగా కరుగుతుంది. డబ్బా నింపడానికి అంతకంటే అనువైనది దొరకదు. పైగా "నో యాడెడ్ షుగర్" అన్న మాట చట్టం ప్రకారం తప్పు కాకుండానే ఉంటుంది.

దీన్ని పట్టుకోవడానికి ల్యాబ్ అక్కర్లేదు, ఒక తీసివేత చాలు. మొత్తం కార్బోహైడ్రేట్‌లోంచి షుగర్‌నీ ఫైబర్‌నీ తీసేయండి. మిగిలేది పిండిపదార్థం, మాల్టోడెక్స్‌ట్రిన్ లాంటివే. ఐసొలేట్‌లో అది స్కూప్‌కి ఒకటి రెండు గ్రాములు దాటకూడదు.

మా కాలనీలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు కొన్నాళ్ల క్రితం చాక్లెట్ ఫ్లేవర్ డబ్బా ఒకటి తెచ్చి చూపించారు. ఆయనకూ షుగర్ ఉంది. ముందువైపు పెద్ద అక్షరాల్లో "20 గ్రాముల మొక్కల ప్రొటీన్, జీరో యాడెడ్ షుగర్" అని ఉంది. వెనక్కి తిప్పితే స్కూప్ 40 గ్రాములు. అందులో ప్రొటీన్ 20, కార్బోహైడ్రేట్ 14, షుగర్ 0.5, ఫైబర్ 1, కొవ్వు 1.5 గ్రాములు. 14 లోంచి ఒకటిన్నర తీసేస్తే 12.5 గ్రాములు మిగిలింది. అంటే స్కూప్‌లో దాదాపు మూడోవంతు, సుమారు మూడు టీస్పూన్ల పంచదారతో సమానమైన పొడి. పదార్థాల జాబితా చూస్తే "ప్రొటీన్ బ్లెండ్" తర్వాత రెండో పేరే మాల్టోడెక్స్‌ట్రిన్. రోజుకి రెండు స్కూపులంటే పాతిక గ్రాములు. షుగర్ లేదనుకుని ఆయన తాగుతున్నది అది.

ఇప్పుడు ఒక మంచి లేబుల్ ఎలా ఉంటుందో చూడండి. స్కూప్ 30 గ్రాములు, ప్రొటీన్ 24, కార్బోహైడ్రేట్ 1.5, అందులో ఫైబర్ 0.5, కొవ్వు 2 గ్రాములు. కూడితే 27.5 అవుతుంది. మిగతా రెండున్నర గ్రాములు తేమ, ఉప్పు, ఖనిజాలు. బఠాణీ ఐసొలేట్‌లో ప్రొటీన్ సుమారు 80 శాతం ఉంటుంది కాబట్టి 30 గ్రాములకి 24 అన్నది సరిపోయింది. అదే స్కూప్‌లో 27, 28 గ్రాముల ప్రొటీన్ అని రాస్తే నాకు అనుమానం వస్తుంది. ముడిసరుకులోనే అంత లేనప్పుడు, కోకో, ఫ్లేవర్ కలిపాక పెరగడం కుదరదు.

పదార్థాల జాబితాలో బరువు ఎక్కువైనది ముందు రావాలన్నది మన దేశంలో నిబంధన. ఇక్కడ రెండు కిటుకులు గమనించండి. ఒకటి, నాలుగైదు పదార్థాలని "బ్లెండ్" అని ఒకే పేరు కింద చుట్టేస్తే అది మొదటి స్థానంలోనే కూర్చుంటుంది, లోపల ఏది ఎంతుందో తెలియదు. రెండోది, తీపిని ముక్కలు చేయడం. కొంచెం బెల్లం పొడి, కొంచెం ఖర్జూరం పొడి, కొంచెం కొబ్బరి చక్కెర వేస్తే విడివిడిగా ఏదీ పైకి రాదు. మూడూ కలిస్తే చాలానే ఉంటుంది. "సహజమైన తీపి" అని రాసినంత మాత్రాన నాన్నగారి రక్తంలో అది వేరేలా పనిచేయదు.

గమ్స్ గురించి అనవసరంగా టెన్షన్ పడొద్దు. జాబితాలో కలిపిన పదార్థాలకి ఐఎన్ఎస్ అనే కోడ్ నంబర్లు రాస్తారు. ఐఎన్ఎస్ 415 అంటే జాంథన్ గమ్, 412 అంటే గోరుచిక్కుడు గింజల గమ్, 322 అంటే లెసిథిన్. పొడి నీళ్లలో సమంగా కలవడానికి వీటిని చాలా కొద్దిగా వేస్తారు. జాబితా చివర్లో ఉంటే నేను పట్టించుకోను. 955 అంటే సుక్రలోజ్, 960 అంటే స్టీవియా. ఇవి వద్దనుకుంటే ఫ్లేవర్ లేనిదే దారి. కొందరికి గమ్స్ వల్ల కూడా కడుపు ఉబ్బుతుంది. మీకు ఆ ఇబ్బంది ఉందన్నారు కాబట్టి ముందు గమ్స్ లేనిది చిన్న ప్యాకెట్ వాడి చూడండి.

అయోడిన్ చుక్క వేసి ఇంట్లోనే పరీక్ష చేసే వీడియోలు చాలా తిరుగుతున్నాయి. దాన్ని నమ్ముకోవద్దు. అయోడిన్‌తో నీలం రంగు వచ్చేది పిండిపదార్థానికి. బఠాణీ ప్రొటీన్‌లో సహజంగానే కాస్త పిండి మిగిలి ఉంటుంది కాబట్టి మంచి పౌడర్ కూడా నీలంగా మారొచ్చు. మాల్టోడెక్స్‌ట్రిన్ గొలుసులు చిన్నవి, దాన్ని కలిపిన పౌడర్‌లో రంగు సరిగ్గా రాకపోవచ్చు కూడా. అంటే మంచిది ఫెయిల్ అయి, చెడ్డది పాస్ అవుతుంది.

"ల్యాబ్ టెస్టెడ్" అంటే ఏ ల్యాబ్, ఏ బ్యాచ్?

ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్స్ నంబర్ అంటే వ్యాపారం చేయడానికి అనుమతి ఉందని అర్థం. మీ డబ్బాని ఎవరో పరీక్షించారని కాదు. జీఎంపీ, ఐఎస్ఓ 22000 ముద్రలు ఫ్యాక్టరీలో పద్ధతులు పాటిస్తున్నారని చెప్తాయి తప్ప లోపల ఏముందో చెప్పవు. విదేశీ ముద్రల్లోనూ తేడాలున్నాయి. "ఇన్‌ఫార్మ్‌డ్ చాయిస్", "ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్" ముద్రలు ప్రధానంగా క్రీడాకారులకు నిషేధించిన మందులు కలిశాయా అని చూస్తాయి. షుగర్ లెక్కకీ సీసం లెక్కకీ వాటిని సాక్ష్యంగా తీసుకోకూడదు. ఎన్ఎస్ఎఫ్ అనే అమెరికా సంస్థ ముద్ర ఉంటే లేబుల్ మీద రాసినది లోపల ఉందా అన్నదీ, హానికర లోహాలూ కూడా చూస్తారు. అమెరికాలో ఉన్న మనవాళ్లకి అది తేలిగ్గా దొరుకుతుంది. ఎన్ఎస్ఎఫ్ వెబ్‌సైట్‌లో ఉత్పత్తి పేరు కొట్టి జాబితాలో ఉందో లేదో చూసుకోవచ్చు.

మన దగ్గర చూడాల్సింది ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబ్ రిపోర్ట్. ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే జాతీయ సంస్థ అది. కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. ఇంత రాస్తే చాలు: "నా డబ్బా బ్యాచ్ నంబర్ ఇది, తయారీ తేదీ ఇది. ఈ బ్యాచ్ ఫినిష్డ్ ప్రొడక్ట్‌కి ఎన్ఏబీఎల్ ల్యాబ్ ఇచ్చిన పూర్తి రిపోర్ట్ పీడీఎఫ్ పంపండి. ప్రొటీన్, షుగర్స్, ఫైబర్, సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అందులో ఉండాలి." ఫినిష్డ్ ప్రొడక్ట్ అన్న మాట వదలొద్దు. బఠాణీ ప్రొటీన్ అమ్మినవాడు ఇచ్చిన ముడిసరుకు రిపోర్ట్ పంపించి సరిపెట్టే కంపెనీలు ఉన్నాయి. కోకో, మాల్టోడెక్స్‌ట్రిన్ కలిపింది ఆ తర్వాత కదా.

రిపోర్ట్ వచ్చాక మొదట బ్యాచ్ నంబర్ చూడండి. డబ్బా మీదిదీ ఇదీ అక్షరం పొల్లుపోకుండా కలవాలి. తర్వాత తేదీ. నేను చూసిన ఒక రిపోర్ట్‌లో పరీక్ష పూర్తయిన తేదీ, డబ్బా మీది తయారీ తేదీకంటే ఏడాది పైగా ముందు ఉంది. ఆ కంపెనీ అదే పీడీఎఫ్‌ని అడిగినవాళ్లందరికీ పంపుతోంది. ఎన్ఏబీఎల్ రిపోర్ట్ మీద యూఎల్ఆర్ అని పొడవాటి నంబర్ ఉంటుంది. అది ఆ ఒక్క రిపోర్ట్‌కే చెందినది. దాన్ని రాసుకుని ల్యాబ్‌కే ఫోన్ చేసో మెయిల్ చేసో "ఇది మీరిచ్చిందేనా" అని అడగొచ్చు. ల్యాబ్‌కి ఏయే పరీక్షలకు గుర్తింపు ఉందో ఎన్ఏబీఎల్ వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఒక ల్యాబ్‌కి ప్రొటీన్ పరీక్షకి గుర్తింపు ఉండి, లోహాలకి లేకపోవచ్చు.

ఇంకో వాక్యం సాధారణంగా పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటుంది: శాంపిల్ కస్టమర్ ఇచ్చింది, ఫలితాలు ఈ శాంపిల్‌కే వర్తిస్తాయి అని. ఇది మోసం కాదు, ల్యాబ్ నిజాయితీగా తన హద్దు చెప్పుకుంటోంది. కానీ దాని అర్థం గుర్తుపెట్టుకోవాలి. కంపెనీ ఏ పొడి పంపితే దాన్నే పరీక్షించారు. షాపులోంచి కొన్న సీల్డ్ డబ్బాని పరీక్షిస్తేనే అది పూర్తిగా స్వతంత్రమైన పరీక్ష. ఇలా సొంత డబ్బుతో మార్కెట్లో కొని పరీక్షించిన పని మన దేశంలోనే జరిగింది. కేరళ డాక్టర్లు చేసిన "సిటిజన్స్ ప్రొటీన్ ప్రాజెక్ట్" ఫలితాలు 2024లో మెడిసిన్ అనే జర్నల్‌లో వచ్చాయి. 36 ఉత్పత్తులు చూస్తే దాదాపు 70 శాతంలో ప్రొటీన్ గురించి లేబుల్ మీద రాసినది సరిగ్గా లేదు. కొన్నిట్లో రాసినదాంట్లో సగమే ఉంది. అందుకే కంపెనీ రిపోర్ట్ ఉంటే సరిపోదు, అది ఏ శాంపిల్‌దో అడగాలి అంటాను.

ప్రొటీన్ అంకెని నమ్మొచ్చా?

ల్యాబ్‌లో మామూలుగా చేసే పరీక్ష ప్రొటీన్‌ని నేరుగా కొలవదు. పొడిలో ఉన్న నైట్రోజన్‌ని కొలిచి 6.25తో గుణిస్తుంది. నైట్రోజన్ ఉన్న చవక పదార్థం ఏది కలిపినా లెక్కలో ప్రొటీన్ పెరిగిపోతుంది. గ్లైసిన్ అనే చవక అమైనో ఆమ్లం 100 గ్రాములు పరీక్షకి పెడితే దాదాపు 117 గ్రాముల ప్రొటీన్ అని వస్తుంది. 2007లో అమెరికాలో పెంపుడు జంతువుల ఆహారం వల్ల కుక్కలూ పిల్లులూ కిడ్నీలు పాడై చనిపోయిన వ్యవహారం ఇదే. చైనా నుంచి వచ్చిన గోధుమ, బియ్యం ప్రొటీన్ పొడుల్లో ప్రొటీన్ అంకె పెంచడానికి మెలమిన్ కలిపారు. మరుసటి ఏడాది చైనాలో పిల్లల పాలపొడిలోనూ అదే బయటపడింది.

అందుకే కుదిరితే ఏ అమైనో ఆమ్లం ఎంతుందో చూపే అమైనో ఆసిడ్ ప్రొఫైల్ కూడా అడగండి. దాన్ని చదవడం కష్టమేమీ కాదు. బఠాణీ, బియ్యం, సోయా ఏదైనా సరే గ్లైసిన్ సుమారుగా ల్యూసిన్‌లో సగం ఉంటుంది. గ్లైసిన్ ల్యూసిన్‌తో సమానంగానో ఎక్కువగానో కనిపిస్తే కలిపారన్నమాట. టారిన్ అనే పేరు చెప్పుకోదగ్గ మోతాదులో కనబడితే అదీ కలిపినదే, ఈ గింజల్లో అది అలా ఉండదు. బఠాణీలో మెథియోనిన్ తక్కువ, బియ్యంలో లైసిన్ తక్కువ. రెండూ కలిపి అమ్మడానికి నిజమైన కారణం అదే. మీరు రోజూ అన్నం తింటారు కాబట్టి ఒక్క బఠాణీ పౌడర్ కొన్నా ఆ లోటు భోజనంలో చాలావరకు పూడుతుంది.

సీసం దగ్గర "కనబడలేదు" అంటే

మొక్కల పౌడర్ కొనేవాళ్లు షుగర్ కంటే తక్కువ పట్టించుకునేది ఇదే. మొక్క నేలలోంచి సీసం, కాడ్మియం లాగుతుంది. గింజలోంచి ప్రొటీన్ వేరుచేసినప్పుడు అందులో కొంత దాంతోపాటే వస్తుంది. అమెరికాలో కన్జ్యూమర్ రిపోర్ట్స్ సంస్థ 2025 అక్టోబర్‌లో 23 ప్రొటీన్ ఉత్పత్తుల ఫలితాలు ప్రకటించింది. మొక్కల ప్రొటీన్లలో సీసం సగటున పాల ప్రొటీన్లకి తొమ్మిది రెట్లు ఉంది. వాళ్లు రోజుకి 0.5 మైక్రోగ్రాముల హద్దు పెట్టుకుని చూశారు, మూడింట రెండొంతులకి పైగా ఉత్పత్తులు ఒక్క సర్వింగ్‌లోనే దాన్ని దాటాయి. ఆ హద్దు చాలా కఠినమైనది. ఎన్ఎస్ఎఫ్ పెట్టుకున్న హద్దు అంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి ఒకే డబ్బా ఒకచోట పాస్, ఒకచోట ఫెయిల్ అవడంలో వింతేమీ లేదు.

రిపోర్ట్‌లో సీసం ఎదురుగా "నాట్ డిటెక్టెడ్" అనో "బీఎల్‌క్యూ" అనో ఉంటే సున్నా అనుకోకండి. పక్క గడిలో ఎల్ఓక్యూ అని ఒక అంకె ఉంటుంది, ఆ ల్యాబ్ కొలవగలిగిన అతి తక్కువ మోతాదు అది. ఎల్ఓక్యూ కిలోకి 0.1 మిల్లీగ్రాము అయితే 30 గ్రాముల స్కూప్‌లో 3 మైక్రోగ్రాముల వరకు ఉన్నా "కనబడలేదు" అనే వస్తుంది. ఎల్ఓక్యూ 0.5 అయితే 15 మైక్రోగ్రాముల దాకా దాక్కోవచ్చు. ఆ గడి 0.01, 0.02 దగ్గర ఉంటే రిపోర్ట్‌కి విలువ ఉంది. ఆ గడే లేకపోతే అడగండి. ఐసీపీ-ఎంఎస్ యంత్రం మీద చేసిన పరీక్షల్లో ఇంత తక్కువ మోతాదు కొలవడం మామూలే.

చాక్లెట్ ఫ్లేవర్‌లో కోకో వల్ల కాడ్మియం ఇంకాస్త ఎక్కువ వచ్చే అవకాశం ఉంది. ఫ్లేవర్ లేనిది కొనమనడానికి అదీ ఒక కారణం. "ఆర్గానిక్" అన్న మాట ఇక్కడ పనికిరాదు. అది పురుగుమందుల గురించి చెప్తుంది, నేలలో ఉన్న సీసం గురించి కాదు. ఇంట్లో గర్భిణులకీ చిన్నపిల్లలకీ డాక్టర్ చెప్పకుండా ఈ పౌడర్లు అసలు ఇవ్వకండి.

నాన్నగారి గురించి

ఆయనకి ఇచ్చే ముందు క్రియాటినిన్, యూరిన్ ప్రొటీన్ పరీక్షలు ఈమధ్య చేయించారో లేదో చూడండి. షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లలో కిడ్నీ దెబ్బతిని ఉంటే ప్రొటీన్ ఎంత తీసుకోవాలో డాక్టర్ చెప్పాలి, పౌడర్ డబ్బా కాదు. అది సరిగ్గా ఉంటే, అవసరం ఎంతో లెక్కేయండి. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, ఐసీఎంఆర్ కలిసి పెట్టిన లెక్క పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాములు. 60 కిలోల మనిషికి 50 గ్రాములు. పప్పు, సెనగలు, పల్లీలు, పడితే పెరుగుతో అందులో ఎంత వస్తోందో చూస్తే, చాలా ఇళ్లలో రోజుకి సగం స్కూపో ఒక స్కూపో తప్ప అవసరం పడదు. 2024లో అదే సంస్థ ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా కండల కోసం ప్రొటీన్ సప్లిమెంట్లు వాడొద్దనే చెప్పాయి. వాటిల్లో చక్కెర, తీపి రసాయనాలు, ఫ్లేవర్లు కలుస్తాయని కూడా ప్రస్తావించాయి.

ఇంట్లో గ్లూకోమీటర్ ఉంటుంది కదా. లేబుల్ లెక్క సరిపోయిన పౌడర్‌నే ఒకరోజు ఉదయం పాలూ అరటిపండూ లేకుండా ఉత్తి నీళ్లలో కలిపి ఇవ్వండి. తాగే ముందు, గంట తర్వాత చూడండి. శుభ్రమైన ఐసొలేట్ అయితే పెద్ద మార్పు ఉండదు. గంటకే బాగా ఎగిరితే లోపల రాయనిదేదో ఉందని అనుమానించాలి. మాత్రలు మాత్రం దీనికోసం ఆపకండి, ఇన్సులిన్ వాడుతుంటే డాక్టర్‌ని అడిగే చేయండి. మాస్టారు డబ్బా మార్చాక ఇలాగే చూసుకున్నారు, తేడా ఆయనకే కనిపించింది.

కంపెనీ రిపోర్ట్ ఇవ్వకపోయినా అదే పౌడర్ వాడాలనుకుంటే, జిమ్‌లో అదే బ్యాచ్ కొన్న నలుగురు కలిసి సీలు తీయని డబ్బాని ఎన్ఏబీఎల్ ల్యాబ్‌కి ఇవ్వొచ్చు. ఖర్చు వేలల్లో ఉంటుంది, పంచుకుంటే భరించగలరు. ప్రొటీన్, షుగర్ ప్రొఫైల్, ఫైబర్, సీసం, కాడ్మియం, ఆర్సెనిక్ అడగండి. మాల్టోడెక్స్‌ట్రిన్ కావాలంటే విడిగా చెప్పాలి, షుగర్ ప్రొఫైల్‌లో అది తనంతట తాను రాదు.

మీరు అనుకుంటున్న డబ్బా వెనకవైపు ఫొటో, కంపెనీ పంపిన రిపోర్ట్ ఉంటే కింద పెట్టండి. ఎల్ఓక్యూ గడి, బ్యాచ్ నంబర్ కనిపించేలా ఉండాలి. నేను చూసి చెప్తాను.